ఆ లైట్లు ఏం చెబుతున్నాయి?

ప్రశ్న: మా పెట్రోలు కారు డాష్‌బోర్డు ఫొటో పంపుతున్నాను. ఇన్ని లైట్లు ఒకేసారి వెలిగాయి. రేపు సింహాచలం ఘాట్ ఎక్కవచ్చా?
– ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: మీ ఫొటోలో ఆర్‌పీఎం ముల్లు సున్నా మీద ఉందండీ. అంటే తాళం తిప్పారు, ఇంజిన్ స్టార్ట్ చేయలేదు. అప్పుడు బ్యాటరీ, నూనె డబ్బా, ఇంజిన్ బొమ్మలు వెలగాలి. వెలగకపోతేనే అనుమానించాలి.

హ్యాండ్‌బ్రేకు దించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పది సెకన్లాగి మళ్లీ ఫొటో తీయండి. అప్పటికీ ఆరనివే అసలు హెచ్చరికలు. ఎర్రగా నూనె డబ్బా ఉంటే ఆయిల్ ప్రెషర్ తగినంత లేదని అర్థం. వెంటనే ఇంజిన్ ఆపేయండి. బ్యాటరీ బొమ్మ అంటే ఛార్జింగ్ జరగడం లేదు. పసుపు ఇంజిన్ బొమ్మ నిలకడగా ఉంటే నెమ్మదిగా మెకానిక్ దగ్గరికి వెళ్లవచ్చు, మిణుకుమంటుంటే నడపకండి.

ఘాట్‌కు ముఖ్యమైనది వలయంలో ఆశ్చర్యార్థకం ఉన్న ఎర్ర లైటు. హ్యాండ్‌బ్రేకు దించినా అది వెలుగుతుంటే బ్రేక్ ఫ్లూయిడ్ తగ్గి ఉండవచ్చు. ప్యాడ్లు అరిగినా, ఎక్కడైనా కారుతున్నా తగ్గుతుంది. కారణం తేలకుండా ఫ్లూయిడ్ పోసి సరిపెట్టకండి. ఆ లైటు ఆరేదాకా కొండ ఎక్కవద్దు.