పెట్టె వెనక ఏ వైరు ఏది? – ఫోటో చూసి పేరు చెప్పడం

నెట్టు ఆగిపోతే ఊళ్లోవాళ్లు రౌటర్ ఫోటో తీసి పంపి, "ఏది పీకాలో చెప్పు" అంటారు. చెప్పబోతే మనకు మాటలు దొరకవు. మా ఇంట్లో సగం తెలుగు, సగం తమిళం. రెండింట్లోనూ వెనకున్నవన్నీ "వైరు", ముందున్నవన్నీ "లైటు". "ఆ వైరు" అంటే అవతలివాళ్లు ఏదో ఒకటి పట్టుకుంటారు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఉండే ఫైబర్ పెట్టెను తీసుకుని, దేన్ని ఏమనాలో, ఎలా గుర్తుపట్టాలో రాస్తున్నాను.

ముందు ఆకారం చూడాలి, తర్వాత ఎన్ని ఉన్నాయో చూడాలి, చివరికి అక్షరాలు చదవాలి. అక్షరాలు చిన్నవి, ఫోటోలో అలుక్కుపోతాయి. ఆకారం మాత్రం తెలుస్తుంది. గుండ్రటి చిన్న కన్నం కరెంటుది. వెడల్పుగా, చదరంగా, లోపల ఎనిమిది సన్నటి లోహపు గీతలతో వరసగా ఉండేవి ల్యాన్ పోర్టులు. కంప్యూటరుకో టీవీకో వెళ్లే కేబుల్ వీటిలో పెడతారు. అదే రూపంలో ఇంకొంచెం ఇరుకుగా ఉండేది టెలిఫోనుది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఫోను పిన్ను చిన్నది కాబట్టి ల్యాన్ పోర్టులోనూ దూరుతుంది, కానీ వదులుగా ఆడుతుంది. ల్యాన్ పిన్ను ఫోను కన్నంలో పట్టదు. దూరింది కదా అని అదే దాని చోటు అనుకోకూడదు.

మిగిలింది సన్నటి కేబుల్. దాని తల చాలా పెట్టెల్లో ఆకుపచ్చగా ఉంటుంది. లోపల రాగి తీగ ఉండదు, వెంట్రుకంత సన్నటి గాజు పోగు ఉంటుంది. అందులో కరెంటు కాదు, వెలుగు వస్తుంది. అది దిగే చోట చాలా పెట్టెల్లో పి.ఓ.ఎన్. అని ఉంటుంది. ఈ కేబుల్‌ను మడవకూడదు, ఊరికే పీకకూడదు. ఊడితే దాని కొసలోకి చూడకూడదు, ఆ వెలుగు కంటికి కనిపించదు కానీ కంటికి మంచిది కాదు.

ఇక లైట్లు. వీటికి రంగు పేరు ఒక్కటే చాలదు. ఏ అక్షరాల దగ్గర, ఏ రంగు, నిలకడగా ఉందా మినుకుతోందా అనే మూడూ చెప్పాలి. మా పిన్నిది హోసూరు దగ్గర పల్లె. చెల్లెలి పరీక్ష ఫీజు ఆన్‌లైన్‌లో కట్టడానికి ఆఖరి రోజున నెట్టు పోయింది. పిన్ని ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి ఫోటోలు పంపింది. పవర్ లైటు పచ్చగా ఉంది. వైఫై లైటూ పచ్చగానే ఉంది. పి.ఓ.ఎన్. ఆరిపోయి ఉంది. ఎల్.ఓ.ఎస్. దగ్గర ఒక ఎర్ర చుక్క.

"పిన్నీ, ఆ ఎర్రది నిలకడగా ఉందా, మినుకుతోందా?"

"మినుకుతా ఉందిమే."

ఎల్.ఓ.ఎస్. అంటే బయటినుంచి రావలసిన వెలుగు పెట్టెకు అందడం లేదని అర్థం. అంటే ఈ లోపం ఫోనుకీ పెట్టెకీ మధ్యది కాదు. వైఫై పాస్‌వర్డ్ మళ్లీ కొట్టినా ప్రయోజనం ఉండదు. వెనకవైపు ఫోటోలో ఆకుపచ్చ తల సరిగానే ఉంది. దానినుంచి వచ్చే సన్న కేబుల్ మాత్రం బీరువా వెనక్కి వెళ్లి కనిపించకుండా పోయింది. "పిన్నీ, ఆకుపచ్చ తలను ముట్టుకోవద్దు. బీరువాను కొంచెం ముందుకు జరుపు" అన్నాను. కేబుల్ గోడకీ బీరువాకీ మధ్య నలిగి, గట్టిగా వంగి ఉంది. వంపు బిగిస్తే వెలుగు పోగులోంచి బయటికి జారిపోతుంది. దాన్ని గుండ్రంగా, వదులుగా వదలగానే ఎర్రది ఆరింది. పి.ఓ.ఎన్. కాసేపు మినికి, తర్వాత నిలకడగా వెలిగింది. ఫీజు కట్టేశారు. లోపల పోగు తెగి ఉంటే ఇలా కుదరదు, కంపెనీ మనిషి వచ్చి అతకాలి.

ఫోటోతో తెలియనివి రెండున్నాయి. మినుకు ఫోటోలో రాదు. ఆరిన క్షణంలో తీస్తే లైటు లేనట్టే కనిపిస్తుంది. అందుకని పది సెకన్ల వీడియో అడగండి. రెండోది రంగు. చీకట్లో తీస్తే చిన్న లైట్లు తెల్లగా మండినట్టు పడతాయి, ఎర్రదో పచ్చదో తెలియదు. గదిలో లైటు వేసి తీయమనండి.

ఇంకొక మాట. పెట్టె వెనకో అడుగునో అంటించిన చీటీ మీద వైఫై పేరు, పాస్‌వర్డ్, సీరియల్ నంబరు ఉంటాయి. కుటుంబం గ్రూపులో ఫోటో పెట్టేముందు దాన్ని వేలితో మూసి తీయమనండి.