పలక కొలతలు ఎలా అడగాలి?

ప్రశ్న: బాసరలో అక్షరాభ్యాసం పలకలు అమ్ముతాను. ఆన్‌లైన్‌లో పెట్టాలంటే మార్కాపురం సప్లయర్‌కు మెయిల్‌లో ఏం రాయాలి?

జవాబు: "డీటెయిల్స్ పంపండి" అని రాస్తే ధరల పట్టీ వస్తుంది, అంతే. ఇలా రాయండి:

"నమస్కారమండీ. చెక్క ఫ్రేము రాతి పలకకు ఫ్రేము బయటి కొలత, రాసే భాగం కొలత విడివిడిగా మిల్లీమీటర్లలో చెప్పగలరు. రాయి మందం కనీసం ఎంత, గరిష్ఠంగా ఎంత? ప్యాకింగ్‌తో బరువు ఎన్ని గ్రాములు? తయారీదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ కూడా కావాలి."

రెండు కొలతలు ఎందుకంటే, సైజు అడిగితే ఫ్రేముతో కలిపి చెప్పేస్తుంటారు. కొన్నవాళ్లేమో రాసే చోటు కొలిచి, తక్కువుందని వాపసు పంపుతారు. పలకరాయిని పొరలుగా చీలుస్తారు గనుక మందం అన్నిటికీ ఒకేలా రాదు. ఒక్క అంకే ఇస్తే మళ్లీ అడగండి. ఫొటోలు తీసేముందు ఒక పలక తెప్పించి స్కేలు పెట్టి చూసుకోండి.