ఫ్రాన్సిసా, కప్లానా? తుంగభద్ర గట్టు మీద ఒక లెక్క

హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ దిగువన ఒక్కొక్కటి 9 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. ఇలాంటి చోట టర్బైన్ ఎంచుకోవాలంటే మొదట హెడ్ చూడాలి. రిజర్వాయర్ నీటిమట్టానికీ, టర్బైన్ దాటాక బయటి కాలువలో ఉండే మట్టానికీ మధ్య తేడాలోంచి పైపుల్లో పోయే నష్టం తీసేస్తే మిగిలేదే నికర హెడ్. వానాకాలంలో నిండి వేసవికి అడుగంటే జలాశయంలో అది ఏడాది పొడవునా మారుతుంది. అందుకే గరిష్ఠం, కనిష్ఠం కూడా రాసుకోండి.

లెక్క కోసం హెడ్ 20 మీటర్లు, యూనిట్ 9,000 కిలోవాట్లు అనుకుందాం. (ఇవి ఆ కేంద్రం డిజైన్ అంకెలు కావు.) 90 శాతం సామర్థ్యంతో సెకనుకు సుమారు 51 ఘనపు మీటర్ల నీరు కావాలి.

ఇప్పుడు స్పెసిఫిక్ స్పీడ్:

ns = N × √P ÷ H^1.25

N నిమిషానికి చుట్లు, P కిలోవాట్లు, H మీటర్లు. N మనిష్టం కాదు. 50 హెర్ట్జ్‌కు 6000ని జనరేటర్ పోల్స్ సంఖ్యతో భాగించాలి. 28 పోల్స్‌తో 214 చుట్లు, ns సుమారు 480. 40 పోల్స్‌తో 150 చుట్లు, ns 336. ఫ్రాన్సిస్ సాధారణంగా 60 నుంచి 350 దాకా, కప్లాన్ 300 పైన. అంటే మొదటిది నిస్సందేహంగా కప్లాన్, రెండోది సరిహద్దు. సరిహద్దులో ఉన్నప్పుడు హెడ్ మార్పే తీర్పు చెబుతుంది. కప్లాన్ రెక్కల కోణం మారుతుంది కాబట్టి తక్కువ లోడ్‌లోనూ సామర్థ్యం పెద్దగా పడదు. ఫ్రాన్సిస్ రెక్కల కోణం మారదు.

చివరిది డ్రాఫ్ట్ ట్యూబ్. కొత్తవాళ్ళు దీన్ని మామూలు గొట్టం అనుకుంటారు. రన్నర్ నుంచి నీరు సెకనుకు 9 మీటర్ల వేగంతో బయటికి వస్తే అందులో 4.1 మీటర్ల హెడ్ ఉంటుంది, అంటే 20 మీటర్లలో ఐదో వంతు. వెడల్పయ్యే ట్యూబ్ ఆ వేగాన్ని 2 మీటర్లకు తగ్గిస్తే పోయేది 0.2 మీటరే. హెడ్ తక్కువైనకొద్దీ ఈ ట్యూబ్ విలువ పెరుగుతుంది.

కానీ ట్యూబ్ రన్నర్ కింద ఒత్తిడిని తగ్గిస్తుంది, దాంతో నీరు ఆవిరి బుడగలై, ఆ బుడగలు ఒక్కసారిగా కుప్పకూలవచ్చు. అందుకే రన్నర్ ఎంత ఎత్తున పెట్టాలో చూడాలి. ఇక్కడ గాలి ఒత్తిడి దాదాపు 9.75 మీటర్లు, ఆవిరిది 0.4. తయారీదారు ఇచ్చే సిగ్మా ns 480కి 0.6 అనుకుంటే 0.6 × 20 = 12. 9.75లోంచి 0.4, 12 తీసేస్తే మైనస్ 2.65. అంటే బయటి నీటిమట్టానికి రెండున్నర మీటర్లకు పైగా లోతున రన్నర్ పెట్టాలి, రాతిని తవ్వాలి. వేగం పెంచి యంత్రాన్ని చిన్నది చేసిన లాభంలో కొంత ఇక్కడ పోతుంది.

నడుస్తున్నప్పుడు కంకర పోసినట్టు చప్పుడొచ్చినా, రెక్కల మీద గుంటలు కనిపించినా ఈ లోతు చాలలేదని అనుమానించండి. ఫ్రాన్సిస్‌లో సగం లోడ్ దగ్గర మెల్లని దడదడ, మెగావాట్ల ఊగిసలాట కనిపిస్తే అది ట్యూబ్‌లో నీటి సుడి. ఆ లోడ్‌లో ఎక్కువసేపు నడపకండి.

నా మాట: హెడ్ మారే 20 మీటర్ల చోట కప్లానే పెట్టండి, తవ్వకం ఖర్చు ముందే అంచనాలో చేర్చండి.