సంకేత పుస్తకంలో నిర్ణయ సూత్రం: ఒక ఉదాహరణ

గుణాత్మక దత్తాంశ విశ్లేషణలో సంకేతానికి పేరు పెట్టడం సులభం. దాని హద్దును నిర్ణయించడమే కష్టం. విశాఖపట్నం పరిసర గ్రామాల్లో రైతులు సాగు ఎందుకు మానుకున్నారో ఇంటర్వ్యూల ద్వారా పరిశీలిస్తున్నామనుకుందాం. సంకేత పుస్తకంలో "తుఫాను వల్ల విరమణ" అనే సంకేతానికి "తుఫాను నష్టం కారణంగా సాగు మానుకొనుట" అని నిర్వచనం ఉంది. ఒక రైతు ఇలా చెప్పాడు: "2014లో హుద్‌హుద్‌కు జీడిచెట్లన్నీ కూలిపోయాయి. మరుసటి ఏడు తోట అమ్మేశాను."

ఈ మాటలకు ఒక పరిశోధకుడు ఆ సంకేతమిచ్చాడు, మరొకరు ఇవ్వలేదు. లోపం వారిది కాదు, నిర్వచనానిది. ఒకదాని తరువాత ఒకటి జరగడం వేరు, ఒకదాని వల్ల మరొకటి జరగడం వేరు. కనుక సూత్రాన్ని ఇలా సవరించాలి: "కారణ సంబంధాన్ని రైతే చెప్పినప్పుడు మాత్రమే ఈ సంకేతం వర్తిస్తుంది. కాలక్రమం మాత్రమే ఉంటే 'తుఫాను నష్టం', 'భూమి అమ్మకం' అని వేర్వేరుగా గుర్తించాలి." దాని కింద వర్తించే వాక్యమొకటి, వర్తించని వాక్యమొకటి ఉదాహరణలుగా చేర్చాలి.

సవరించిన తేదీని, కారణాన్ని నమోదు చేసి, అంతకుముందు పూర్తయిన ఇంటర్వ్యూలన్నింటినీ కొత్త సూత్రంతో తిరిగి చదవాలి. అయితే రైతు కారణం చెప్పనంత మాత్రాన అది లేదని కాదు. అటువంటి వాక్యాలు పదేపదే ఎదురైతే, "ఎందుకు అమ్మారు?" అన్న ప్రశ్న మనం అడగలేదని గ్రహించాలి. ఆ కొరతను ఏ సంకేతమూ పూరించలేదు.