పోర్టల్‌లో కదలిక లేదు, మేనేజరుకు రాయవచ్చా?

ప్రశ్న: మాది పుంగనూరు. మదనపల్లెలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కుప్పంలోని ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. గడువు ముగిసి మూడు వారాలైనా పోర్టల్‌లో Under Review అనే ఉంది. ఆ ఆసుపత్రి మేనేజరుకు మెయిల్ పెట్టవచ్చా?

జవాబు: పెట్టండమ్మా, ప్రకటనలో సంప్రదించవద్దని రాసి ఉంటే తప్ప. చాలా పోర్టళ్లలో హెచ్‌ఆర్ వాళ్లు దరఖాస్తును తర్వాతి దశకు జరిపితేనే ఆ మాట మారుతుంది. ఇంటర్వ్యూ జాబితా సిద్ధమైనా తెరపై పాతదే ఉండిపోవచ్చు. అందుకే పోర్టల్ ఎందుకు మారలేదని అడగకండి, మేనేజరు దాన్ని చూడకపోవచ్చు కూడా. ఎంపిక ఎంతవరకు వచ్చిందో అడగండి.

సబ్జెక్టు లైనులో పోస్టు పేరు, దరఖాస్తు నంబరు, మీ పేరు ఉండాలి. లోపల ఇంతే చాలు: "నమస్కారం సార్. ఫలానా తేదీన ఈ పోస్టుకు దరఖాస్తు చేశాను. ఎంపిక ఏ దశలో ఉందో, ఎప్పటికి తెలుస్తుందో దయచేసి చెప్పగలరా? ప్రస్తుత ఉద్యోగంలో నెల రోజుల నోటీసు ఇవ్వాలి."

ఆ చివరి వాక్యం వదలకండి. మీరు ఎప్పటికి చేరగలరన్నది ఆయనకు నిజంగా పనికొచ్చే సమాచారం.

పది రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌కు కొనసాగింపుగా ఒక్కసారి, ఈసారి హెచ్‌ఆర్‌ను కూడా చేర్చి రాయండి. ఆపైన రాయకండి. ఈలోగా మిగతా చోట్ల దరఖాస్తులు ఆపవద్దు.