స్లాబ్‌కు చిల్లు పెట్టకుండా సోలార్ స్టాండ్

నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఇళ్ల మీద బిగించింది 3 కిలోవాట్ల సోలార్. గద్వాలలోనైనా వనపర్తిలోనైనా మామూలు ఇంటికి అంతే చాలు కాబట్టి లెక్క దానికే వేద్దాం. 550 వాట్ల ప్యానెళ్లు ఆరు, ఒక్కోటి సుమారు 28 కిలోలు. ఇనుప ఫ్రేముతో కలిపినా మొత్తం 320 కిలోలు దాటదు. ఇంత తేలికైనది కాబట్టే చిక్కు. స్టాండును కింద నిలబెట్టడం కాదు, గాలికి పైకి లేవకుండా పట్టి ఉంచడమే అసలు పని.

మన దగ్గర ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి సుమారు 16 డిగ్రీలు వాలుస్తారు. ఎత్తైన అంచు ఉత్తరాన ఉంటుంది. ఉత్తరం గాలి ఆ సందులో దూరిందంటే ప్యానెల్ కింద గొడుగులో దూరినట్టే. డిజైన్ కోసం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, కర్నూలుకు 39 మీటర్ల గాలి వేగం తీసుకుంటారు. మనం మధ్యలో ఉన్నాం, పెద్ద అంకెనే పట్టుకుందాం. 44ను 44తో, ఆపైన 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,160 న్యూటన్లు, అంటే 118 కిలోల తోపు. ఆరు ప్యానెళ్ల వైశాల్యం 15.5 చదరపు మీటర్లు. మొత్తం 1,830 కిలోలు. ఫ్రేము, ప్యానెళ్ల బరువు తీసేస్తే ఇంకా 1,500 కిలోలు కావాలి. ఇది మోటు లెక్క, ఇంజనీరు ఒకసారి సరిచూడాలి.

ఈ బరువు కోసమే చాలామంది స్లాబ్‌కు డ్రిల్ వేసి బోల్టులు దించుతారు. ఐదంగుళాల స్లాబ్‌లో నాలుగంగుళాల చిల్లు పడితే వాటర్‌ప్రూఫ్ పొర తెగడమే కాదు, నీళ్లు చువ్వ దాకా దిగుతాయి. ఆ వానకాలం ఏమీ కనబడదు. రెండేళ్లకు సీలింగ్ మీద గోధుమరంగు మరక వస్తుంది, ఆ తర్వాత పెచ్చు ఊడుతుంది.

కాబట్టి కాంక్రీటు దిమ్మెలు. పని మొదలయ్యే ముందు స్లాబ్ మీద సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. గుల్ల చప్పుడు వచ్చిన చోట పొర ఊడిందని అర్థం, ముందు అది బాగుచేయించాలి. తర్వాత మట్టికట్ట వేసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద గదిలో చెమ్మ చూడండి. పాత లీకు ఉంటే ఇప్పుడే బయటపడుతుంది, తర్వాత సోలార్ వాళ్లతో వాదన ఉండదు.

ఇక చోటు. కింద గదుల గోడలూ బీములూ ఎక్కడున్నాయో టేపుతో కొలిచి, మెట్ల గది గోడను గుర్తుగా పెట్టుకుని పైన సుద్దతో గీయండి. దిమ్మెలు ఆ గీతల మీదే రావాలి. ఆరు కాళ్లకు 60 సెంటీమీటర్ల చదరం, 30 ఎత్తు దిమ్మె ఒక్కోటి పోస్తే అది సుమారు 260 కిలోలు. ఆరూ కలిపి 1,560, ప్యానెళ్లూ ఫ్రేముతో 1,880 కిలోలు. చదరపు మీటరుకు 121 కిలోలు పడుతుంది. మనుషులు తిరిగే స్లాబ్‌ను 150 కిలోలకు లెక్కగట్టి కడతారు కాబట్టి మిగిలేది తక్కువే. గది నడిమధ్యన దిమ్మె పెట్టొద్దనేది అందుకే. పాత మట్టి మిద్దెల మీద ఈ పని అసలు పెట్టుకోవద్దు.

దిమ్మె కింద పొరను చెక్కొద్దు. మందపాటి రబ్బరు షీటు పరిచి, దాని మీద పెట్టె బిగించి పోయించండి. బోల్టులను బేస్ ప్లేటుకే తగిలించి కాంక్రీటులో నిలిపితే రంధ్రాలు తర్వాత కుదరక పోయే గోల ఉండదు. వారం రోజులు తడపండి. వాన నీరు గొట్టం వైపు పోయే దారికి దిమ్మె అడ్డు రాకూడదు. ఒక్క కాలు విడిగా లేవకుండా కాళ్లన్నింటినీ అడ్డపట్టీలతో కలపాలి.

పై అంతస్తు కోసం పిల్లర్ చువ్వలు వదిలేసిన ఇల్లైతే మీ అదృష్టం. తుప్పు గీకి, ఆ చువ్వల మీదే పొట్టి పిల్లర్ పోస్తే పొర తెగదు, బరువు నేరుగా పునాదికి పోతుంది. కింద తిరగడానికి వీలుగా ఎనిమిదడుగుల ఎత్తు స్టాండ్ కావాలంటే ఇదొక్కటే దారి. పైన చెప్పిన దిమ్మెలు అంత ఎత్తుకు చాలవు.

పిట్టగోడ జోలికి మాత్రం పోవద్దు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ తన బరువు తాను మోయగలదు గానీ పక్కకు లాగితే ఆగదు. దానికి యాంగ్లర్ బిగించినా, తీగ కట్టి లాగినా మొదటి గాలిదుమారానికి అడుగున పగులు వస్తుంది, వీధివైపు ఇటుకలు రాలతాయి. స్టాండును గోడకు కనీసం మూడడుగులు దూరం పెట్టండి. అంచుల దగ్గర గాలి సుడి ఎక్కువ, చలికాలం మధ్యాహ్నం మూడడుగుల గోడ నీడ కూడా రెండున్నర అడుగుల దాకా పడుతుంది. పొద్దున, సాయంత్రం ఇంకా పొడుగు.

బిగించాక ప్రతి దిమ్మె చుట్టూ పెయింటుతో గీత గీసి ఉంచండి. మొదటి ఈదురుగాలి వెళ్లిన మర్నాడు పైకి ఎక్కి, ఏ దిమ్మె అయినా ఆ గీత దాటి జరిగిందేమో చూడండి, నట్లు మళ్లీ బిగించండి.