ఆకలి మనసునేం చేస్తుంది?

1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు వాళ్ళ సమ్మతితోనే 24 వారాలు దాదాపు సగం తిండి పెట్టి చూశాడు. వాళ్ళలో ఎవరికీ నాజూకు కావాలన్న కోరిక లేదు. అయినా ధ్యాసంతా తిండి మీదికే పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేశారు, పిడికెడు తిండిని గంటల తరబడి నంజుకుంటూ తిన్నారు, స్నేహితులకు దూరమయ్యారు. ఆకలే మనిషిని ఇలా మార్చేస్తుందన్నమాట.

ఇది చదివి ఉండీ నేను మా పిన్ని కూతురి విషయంలో పోల్చుకోలేకపోయాను. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు "పిల్ల కాస్త బొద్దు" అన్నారు. ఆనాటినుంచి అన్నం తగ్గించింది. ఇంటిల్లిపాదికీ తానే వండి కొసరి కొసరి వడ్డించేది. నువ్వేదే అంటే "ఇందాకే తిన్నానన్నయ్యా" అనేది. పనిమంతురాలని పిన్ని మురిసిపోయింది. ఎండాకాలంలో చలంటూ దుప్పటి కప్పుకున్నా, నెలసరి ఆగినా నీరసమే అనుకున్నాం. ఒకరోజు కళ్ళు తిరిగి పడిపోయాకగానీ డాక్టరు దగ్గరికి పోలేదు.

అందరూ ఇలా చిక్కిపోరు. కొందరు దొంగచాటుగా విపరీతంగా తిని, వెంటనే స్నానాలగదిలో దూరి కక్కేస్తారు. బరువు మామూలుగానే ఉంటుంది. బుగ్గల వాపు, పళ్ళ అరుగుదల మాత్రం పట్టిస్తాయి.

"తిను తిను" అని పోరితే దాపరికం పెరుగుతుంది. బాగా చిక్కినవాళ్ళకు ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా ప్రమాదమే, రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండెకు ముప్పు. అందుకే మా చెల్లెలికి ఆసుపత్రిలో ఉంచి, రక్తపరీక్షలు చేస్తూ కొద్దికొద్దిగా పెంచారు. ఇప్పుడు పిన్ని దాన్ని వడ్డనకు లేవనివ్వదు, పక్కనే కూర్చోబెట్టుకుంటుంది.